ఫొటోలో పంచె కట్టించడానికి Puppet Warp: ఆరేళ్లు వాడాక నా మాట

మా స్టూడియో విశాఖలో కంచరపాలెం వైపు. పెద్దాయనల ఫొటోలకు పంచె, ఉత్తరీయం వేయించి ఫ్రేము కట్టించుకునేవాళ్లు నెలకు నలుగురైదుగురు వస్తారు. ఈ పనికి నేను ఆరేళ్లుగా ఫొటోషాప్‌లో బొమ్మకు పిన్నులు గుచ్చి లాగి వంచే Puppet Warp నే ఎక్కువగా వాడుతున్నాను. గుడ్డ జారే తీరుకు ఇది బంగారం. నడుము దగ్గర మాత్రం దీన్ని నమ్మితే మునిగినట్టే.

మొన్న చేసిన ఫొటో గురించి చెబితే సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. గాజువాక నుంచి ఒకబ్బాయి వాళ్ల నాన్నగారి ఫొటో తెచ్చాడు. మేడ మీద లుంగీతో, చొక్కా లేకుండా, నవ్వుతూ నిలబడ్డ ఫొటో. పట్టుపంచె, ఉత్తరీయం వేసి 12×18 సైజులో కావాలన్నాడు. ఆయనకు కాస్త బొజ్జ ఉంది. నా దగ్గరున్న పంచె ఫొటో సన్నగా ఉండే మా బావమరిదికి కట్టి నేనే తీసుకున్నది.

మొదట అందరూ చేసేదే నేనూ చేశాను. పంచె లేయర్‌ని Smart Object గా మార్చి, Puppet Warp తెరిచి, నడుము పొడవునా ఆరు పిన్నులు పెట్టి పక్కలకు లాగాను. (Smart Object గా మార్చకపోతే, ఒకసారి సరే అన్నాక మళ్లీ ఆ పిన్నులను కదపడం కుదరదు. ఈ ముక్క తెలియక మొదటి ఏడాదంతా రాత్రిళ్లు చేసిన పనే మళ్లీ చేశాను.) నడుము సరిపోయింది గానీ, మధ్యలోని కుచ్చిళ్లు రేకు మడతల్లా వెడల్పయ్యాయి. పొరపాటు తెలుసుకోవాలంటే జరీ అంచు చూడాలి. నిజం పంచెలో అంచు వెడల్పు అంతటా ఒకటే. మడత పక్కకు తిరిగిన చోట సన్నగా కనిపిస్తుందంతే, ఎక్కడా ఉబ్బదు. ఉబ్బిందంటే గుడ్డను సాగదీశామన్నమాటే.

ఫొటో పంపగానే వాళ్లమ్మగారు ఫోన్ చేశారు. "బాబూ, మొహం ఆయనదే గానీ ఈ నడుం ఎవరిదో! ఆయన పంచె బొడ్డు కిందకి కట్టేవారు."

ఆవిడన్నది నూటికి నూరుపాళ్లు నిజం. అప్పుడు పంచెను మూడు ముక్కలు చేశాను: నడుము చుట్టు, మధ్యలో దోపిన కుచ్చిళ్లు, రెండు పక్కల గుడ్డ. కుచ్చిళ్ల వెడల్పు ముట్టుకోలేదు. మనిషి లావైతే కుచ్చిళ్లు లావెక్కవు, చుట్టుకే గుడ్డ ఎక్కువ పడుతుంది. అందుకే పక్కలను మాత్రమే పెంచాను. నడుము చుట్టుకు మామూలు Warp వాడి, మధ్య భాగాన్ని బొడ్డు కిందకి దించాను. ఇక్కడ కెమెరా ఎత్తు కూడా చూసుకోవాలి. ఆయన ఫొటో కంటి ఎత్తు నుంచి తీసింది కాబట్టి నడుము గీత కిందికి వంగి కనిపించాలి. నా పంచె ఫొటో నడుము ఎత్తులో తీసింది, అందులో గీత తిన్నగా ఉంది. ఈ తేడా వదిలేస్తే పంచె కట్టినట్టుండదు, ముందు అట్టముక్క అతికించినట్టుంటుంది.

ఆ తర్వాత Puppet Warp మళ్లీ అక్కరకొచ్చింది. బొజ్జ ఉన్నవాళ్లకు గుడ్డ తొడలకు అంటుకోదు, బొజ్జ ముందుకొచ్చిన చోటు నుంచి నిట్టనిలువుగా జారుతుంది. పైన పిన్నులు కదలకుండా ఉంచి, మోకాళ్ల దగ్గరి పిన్నులను కొంచెం బయటికి జరిపితే ఆ జారు చక్కగా వచ్చింది. Mode దగ్గర Rigid పెట్టుకుంటే మడతలు తక్కువ సాగుతాయి.

ఉత్తరీయం దగ్గర నేను పదేపదే చేసిన తప్పొకటుంది. ఫొటోలో వెలుగు ఒక వైపు, నా గుడ్డ మీద ఇంకో వైపు ఉంటే, లేయర్‌ని తిప్పేసేవాణ్ని. దాంతో ఎడమ భుజం మీది ఉత్తరీయం కుడి భుజానికి పోయేది. మనం గమనించకపోయినా ఇంట్లో పెద్దవాళ్లు ఇట్టే పట్టేస్తారు. ఇప్పుడు తిప్పను, నీడలే మళ్లీ వేస్తాను. ఒంటి మీద పడే నీడకు నలుపు కాకుండా, చర్మం రంగునే ముదురు చేసి Multiply లో వేస్తే గుడ్డ ఒంటికి ఆనినట్టుంటుంది. మనిషి పక్కకు ఒరిగి నిలబడినా వేలాడే కొసలు మాత్రం నిలువుగానే ఉండాలి. దానికి ఒక గైడు గీత గీసుకుంటే చాలు.

ఒక గుడ్డను ఇంకో గుడ్డగా మార్చడం మాత్రం దీనితో కాదు. పొందూరు ఖద్దరు మడతలు మెత్తగా, సన్నగా పడతాయి. పట్టు బిరుసుగా, పెద్ద మడతలుగా నిలుస్తుంది. ఎన్ని పిన్నులు పెట్టినా ఖద్దరు పట్టు అవదు. అందుకే రెండూ విడివిడిగా కట్టించి తీసి పెట్టుకున్నాను.

ముక్కలుగా చేస్తే నలభై నిమిషాల పని రెండు గంటలవుతుంది. రేటు కూడా దానికి తగ్గట్టే చెబుతున్నాను. రెండోసారి పంపిన ఫొటో చూసి అమ్మగారు నడుము గురించి ఏమీ అనలేదు. "అంచు ఆకుపచ్చ కాదు బాబూ, మెరూన్" అన్నారు. అంచు వేరే లేయర్‌లోనే ఉంది, రెండు నిమిషాల్లో మార్చి ప్రింటుకిచ్చేశాను.