కంపెనీలో విదేశీ వాటా ఎంత? యాప్, త్రైమాసిక పత్రం, డిపాజిటరీ జాబితా: ఏది మేలు?

2024 జూలైలో విశాఖ ద్వారకానగర్‌లోని ఒక బ్రోకర్ ఆఫీసులో షిప్‌యార్డులో పనిచేసి రిటైరైన ఒక మాస్టారు అడిగిన ప్రశ్న ఇది. "బాబూ, ఫోన్‌లో చూస్తే హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకులో ఎఫ్‌ఐఐల వాటా నలభై ఏడు చిల్లర. పేపర్లో చూస్తే విదేశీయుల వాటా 54.83 శాతం. ఒకే బ్యాంకు, ఒకే జూన్ నెలాఖరు. ఇందులో ఏది నమ్మాలి?" అక్కడున్నవాళ్లు ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. నిజానికి రెండు అంకెలూ సరైనవే. ఒక్కో అంకె ఒక్కో ప్రశ్నకు జవాబు. మన ప్రశ్న ఏమిటో తేల్చుకుంటే ఎక్కడ చూడాలో తెలుస్తుంది.

మామూలు మదుపరికి మూడు దారులున్నాయి. మొదటిది యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో కనిపించే ఎఫ్‌ఐఐ గీత, అంటే విదేశీ ఫండ్ల లాంటి సంస్థల వాటా చూపే గీత. రెండోది మూడు నెలలకోసారి కంపెనీ స్టాక్ ఎక్స్‌చేంజికి ఇచ్చే షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్. మూడోది విదేశీ పరిమితికి దగ్గరపడిన కంపెనీల పేర్లతో, మన షేర్లను ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచే డిపాజిటరీలు ఇచ్చే జాబితా.

యాప్‌తో మొదలుపెడదాం, అందరూ ముందు చూసేది అదే కాబట్టి. యాప్ సొంతంగా ఏ లెక్కా సేకరించదు. కంపెనీ ఇచ్చిన త్రైమాసిక పత్రంలోంచి విదేశీ సంస్థల వరుసను తీసి గీతగా గీస్తుంది. ఈ మూడు నెలల్లో విదేశీ ఫండ్లు కొన్నాయా, అమ్మాయా అని తెలుసుకోవడానికి అది చాలు. కానీ "ఈ కంపెనీ ఎంతవరకు విదేశీయులది?" అన్న ప్రశ్నకు ఆ గీత జవాబు కాదు. హిందుస్తాన్ యూనిలీవర్‌నే తీసుకోండి. అందులో 61.90 శాతం యూనిలీవర్ గ్రూపుది. అది విదేశీ కంపెనీయే అయినా ఇక్కడ ప్రమోటర్, కాబట్టి ఆ వాటా ప్రమోటర్ల ముక్కలో కనిపిస్తుంది. ఎఫ్‌ఐఐ ముక్క దాని పక్కన చిన్నదిగా ఉంటుంది. ఆ చిన్న ముక్కను మాత్రమే చూసినవాళ్లు ఇది ఎక్కువగా మనవాళ్ల చేతిలో ఉన్న కంపెనీ అనుకుంటారు.

అందుకే నా ఓటు రెండోదానికి. సెబీ నిబంధన ప్రకారం త్రైమాసికం ముగిసిన 21 రోజుల్లోపు ప్రతి లిస్టెడ్ కంపెనీ ఈ పత్రం దాఖలు చేయాలి. ఎన్‌ఎస్‌ఈ లేదా బీఎస్‌ఈ వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు కొట్టి "Shareholding Pattern" తెరిస్తే చాలు, డబ్బు కట్టాల్సిన పని లేదు. అందులో విదేశీ వాటా ఒక్కచోట ఉండదు, నాలుగు చోట్ల చెదిరి ఉంటుంది. ప్రమోటర్ల పట్టికలో "Foreign" అనే భాగం ఒకటి. పబ్లిక్ పట్టికలో విదేశీ సంస్థల భాగం మరొకటి, యాప్ ఎఫ్‌ఐఐలని చూపేవాళ్లు ఎఫ్‌పీఐలన్న పేరుతో ఉండేది ఇక్కడే. అదే పట్టికలో కింద విదేశీ కంపెనీలు, విదేశీ పౌరులు, ఎన్నారైల వరుసలు ఉంటాయి. నాలుగోది చాలామంది వదిలేసేది: అటు ప్రమోటర్లూ ఇటు పబ్లిక్కూ కాని పట్టిక. అమెరికాలో అమ్మే ఏడీఆర్లు అనే డిపాజిటరీ రసీదుల వెనక ఉన్న షేర్లు అక్కడుంటాయి. ఆ షేర్లు ఇక్కడ వాటిని భద్రపరిచే ఒక కస్టోడియన్ దగ్గర ఉంటాయి, వాటి రసీదులు న్యూయార్క్‌లో చేతులు మారతాయి.

మాస్టారి చిక్కు ముడి ఆ నాలుగో పట్టికలోనే ఉంది. ఈ పత్రంలో శాతాలు వేసే పద్ధతి 1957 నాటి సెక్యూరిటీస్ కాంట్రాక్ట్స్ నిబంధనల ప్రకారం నడుస్తుంది. డిపాజిటరీ రసీదుల వెనక ఉన్న షేర్లను పక్కన పెట్టి, మిగిలిన షేర్ల మీదే శాతం కడతారు. లెక్క తేలిగ్గా ఉండేందుకు బ్యాంకుకు మొత్తం 1000 షేర్లే ఉన్నాయనుకుందాం. అందులో 145 ఏడీఆర్ల కింద ఉన్నాయి. మిగిలినవి 855. ఎఫ్‌పీఐల దగ్గర 403 ఉన్నాయి. 403ని 855తో భాగిస్తే 47.1 శాతం. యాప్‌లో కనిపించే అంకె ఈ తరహాది. ఇప్పుడు 403కు 145 కలిపితే 548. దాన్ని మొత్తం 1000 మీద వేస్తే 54.8 శాతం. పేపర్లో వచ్చింది ఈ తరహా అంకె. నేను తీసుకున్నవి ఉజ్జాయింపు అంకెలే కానీ, హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు విషయంలో తేడా పుట్టింది ఇలాగే.

ఇక్కడ తెలిసినవాళ్లు కూడా చేసే తప్పొకటి ఉంది. 47.1కి 14.5 కలిపేసి 61.6 అంటారు. ఆ రెండు శాతాలూ ఒకే మొత్తం మీద కట్టినవి కావు, కాబట్టి కలపకూడదు. శాతాలను వదిలేసి షేర్ల సంఖ్యలను కలపాలి. ఆ తర్వాతే మొత్తం షేర్లతో భాగించాలి. ఏడీఆర్లు లేని కంపెనీకి ఈ బాధ లేదు, అక్కడ రెండు పద్ధతుల్లోనూ ఇంచుమించు ఒకే జవాబు వస్తుంది.

ఇంత లెక్క వేసే ఓపిక లేనివాళ్లకు అదే పత్రంలో ఇంకో చిన్న పట్టిక ఉంది. విదేశీ యాజమాన్య పరిమితి ఎంత, అందులో ఎంత వాడకమైంది అన్న రెండు అంకెలనూ గత త్రైమాసికాలతో సహా చూపాలని సెబీ 2022లో చెప్పింది. నేను ముందు తెరిచేది దీన్నే. ఆ తర్వాత పైన చెప్పిన నాలుగు చోట్లా షేర్లు కలిపి సరిచూసుకుంటాను. రెండింటికీ పొంతన కుదరకపోతే తేడా ఎక్కడుందో వెతకాలి. ఎక్కువసార్లు అది ఏడీఆర్లలోనో, ఎన్నారైల వరుసలోనో, లేదా విదేశీయుల అధీనంలో ఉన్న మన దేశపు కంపెనీ వాటాలోనో దొరుకుతుంది. ఈ చివరిది పట్టికలో మామూలు దేశీ కంపెనీలాగే కనిపిస్తుంది. కానీ అలాంటి కంపెనీ ఇంకో కంపెనీలో పెట్టిన పెట్టుబడిని పరోక్ష విదేశీ పెట్టుబడిగా లెక్కేస్తారు.

పరిమితి అన్నప్పుడు రెండు అంకెలను కలగాపులగం చేయకూడదు. ప్రైవేటు బ్యాంకుల్లో విదేశీ వాటా అంతా కలిపి 74 శాతం దాటకూడదు, ప్రభుత్వ బ్యాంకుల్లో 20 శాతం. ఇవి రంగానికి ప్రభుత్వం పెట్టిన హద్దులు. ఇవి కాక ఎఫ్‌పీఐలన్నిటికీ కలిపి వేరే హద్దు ఉంటుంది. ఒకప్పుడు అది మామూలుగా 24 శాతం. 2020 ఏప్రిల్ 1 నుంచి రంగానికి ఎంతో ఎఫ్‌పీఐలకూ అంత అన్నారు. అయితే ఆ తేదీకి ముందే తక్కువ హద్దు ఎంచుకునే అవకాశం కంపెనీలకు ఇచ్చారు. అందుకే రంగం హద్దు చూసి సరిపెట్టుకోకుండా, ఆ కంపెనీకి సొంతంగా తక్కువ హద్దు ఉందేమో చూడాలి. ఇక ఏ ఒక్క ఎఫ్‌పీఐ అయినా, తన గ్రూపుతో కలిపి, 10 శాతం లోపే ఉండాలి.

హద్దు వంద శాతం ఉన్నంత మాత్రాన వంద శాతం కొనడానికి షేర్లు దొరకవు. మన ఊళ్లోనే ఉన్న డ్రెడ్జింగ్ కార్పొరేషన్‌లో కేంద్రం తన 73.47 శాతం వాటాను 2019లో విశాఖపట్నం, పారాదీప్, జవహర్‌లాల్ నెహ్రూ, దీన్‌దయాళ్ పోర్టులకు అమ్మింది. పోర్టులు ఆ వాటాను పట్టుకుని ఉన్నంతకాలం బజారులో తిరిగేది 26.53 శాతమే. రంగం హద్దు ఎంతున్నా విదేశీయులైనా మనమైనా కొనగలిగేది అందులోంచే.

హద్దుకు ఇంకా ఎంత ఖాళీ ఉందన్నది కొన్నిసార్లు వాటా కంటే ముఖ్యం. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు సంగతి అప్పుడు పేపర్లకెక్కింది ఇందుకే. ఎంఎస్‌సీఐ అనే సూచీల సంస్థ ఒక కంపెనీకి ఎంత బరువివ్వాలో నిర్ణయించేటప్పుడు, హద్దులో ఎంత భాగం ఇంకా ఖాళీగా ఉందో చూస్తుంది. ఆ ఖాళీ 25 శాతం కంటే తక్కువైతే బరువు తగ్గిస్తుంది. 2024 మార్చి చివర విదేశీ వాటా 55.54. 74లోంచి తీసేస్తే 18.46 మిగులుతుంది, దాన్ని 74తో భాగిస్తే 24.95 శాతం. గీత దాటడానికి వెంట్రుకవాసి తక్కువైంది. జూన్ చివరికి వాటా 54.83కు తగ్గింది. మిగిలింది 19.17, దాన్ని 74తో భాగిస్తే 25.9 శాతం. అంటే విదేశీయులు కాస్త అమ్ముకోవడం వల్ల ఖాళీ పెరిగింది, దాంతో సూచీలో బ్యాంకు బరువు పెరిగే దారి తెరుచుకుంది. ఎంఎస్‌సీఐ ఆ బరువు గుణకాన్ని 0.37 నుంచి ఆగస్టులో 0.56కు, నవంబరులో 0.75కు రెండు విడతలుగా పెంచింది. సూచీని అనుసరించే ఫండ్లు ఆ మేరకు కొనక తప్పదు. ఎఫ్‌ఐఐ గీత దిగింది, విదేశీయులు వదిలేస్తున్నారని కంగారుపడి అమ్మినవాళ్లకు ఈ లెక్క కనబడలేదు.

త్రైమాసిక పత్రానికి ఉన్న పెద్ద లోపం పాతబడటం. మార్చి 31 నాటి చిత్రం ఏప్రిల్ మూడోవారంలో వచ్చి, జూలై మూడోవారం దాకా అదే దిక్కు కావచ్చు. ఆ మధ్యలో హద్దు నిండిందేమో అది చెప్పలేదు. మూడో దారి పనికొచ్చేది ఇక్కడే. 2018 జూన్ నుంచి విదేశీ హద్దులను ఎన్‌ఎస్‌డీఎల్, సీడీఎస్‌ఎల్ అనే రెండు డిపాజిటరీలు కనిపెట్టి ఉంటున్నాయి. హద్దుకు 3 శాతం లోపు ఖాళీ మిగిలితే ఆ కంపెనీ రెడ్ ఫ్లాగ్ జాబితాకెక్కుతుంది. హద్దు దాటితే విదేశీయుల కొనుగోళ్లు ఆగిపోతాయి. ఎక్కువైన షేర్లను సెటిల్‌మెంట్ జరిగాక అయిదు ట్రేడింగ్ రోజుల్లోపు దేశంలోని మదుపరులకే అమ్మేయాలి. ఇక్కడివాళ్లకు కొనడానికీ అమ్మడానికీ ఏ అడ్డూ ఉండదు. కాకపోతే ఆ రోజుల్లో అమ్మకాల ఒత్తిడి వచ్చే వీలుంది.

ఈ జాబితాకూ ఒక హద్దుంది. అందులో పేరు లేకపోతే ఖాళీ 3 శాతం కంటే ఎక్కువ ఉందనే అర్థం. నాలుగు శాతమా, నలభయ్యా అన్నది దాన్ని చూసి చెప్పలేం. కాబట్టి వాటా ఎంతో తెలియాలంటే త్రైమాసిక పత్రం, ఈ వారంలో గేటు మూతపడే ప్రమాదం ఉందా అంటే డిపాజిటరీ జాబితా. యాప్ గీతను పోకడ చూసుకోవడానికి ఉంచుకోండి. ఒక్కటే చూసే తీరిక ఉంటే పత్రమే చూడండి.

విశాఖలో చాలా ఇళ్లకు సంబంధించిన మాట ఒకటి మిగిలింది. పిల్లలు అమెరికాలో ఉండి ఇక్కడి షేర్లు కొంటే అవి విదేశీ లెక్కలోకి వస్తాయా అని అడుగుతుంటారు. డబ్బు తిరిగి అక్కడికి తీసుకెళ్లే పద్ధతిలో కొంటే వస్తాయి. 2024లో ఒక్కో ఎన్నారైకి 5 శాతం, అందరికీ కలిపి 10 శాతం హద్దు ఉండేది, కంపెనీ ప్రత్యేక తీర్మానంతో ఆ పదిని 24 దాకా పెంచుకునే వీలుండేది. తీసుకెళ్లని పద్ధతిలో కొంటే దేశంలో ఉన్నవాళ్ల పెట్టుబడితో సమానంగా చూస్తారు, విదేశీ హద్దులో కలపరు. త్రైమాసిక పత్రంలో ఎన్నారైలకున్నది ఒకే వరుస కాబట్టి, ఆ వరుసంతా విదేశీ లెక్కలో వేసేస్తే మీకు వచ్చే అంకె కంపెనీ చూపిన వాడకం కంటే కొంచెం ఎక్కువ రావచ్చు.