ప్రొజెక్టర్‌కి పొడవాటి హెచ్‌డీఎంఐ: మామూలు కేబులా, యాక్టివ్ కేబులా, ఎక్స్‌టెండరా... ఏది మేలు?

ప్రొజెక్టర్ ఏది కొనాలి, తెర ఎన్ని అంగుళాలుండాలి అని నెలల తరబడి చదివేవాళ్లు కూడా కేబుల్ దగ్గరికొచ్చేసరికి "ఓ పదిహేను మీటర్లది పట్రా" అని ఎలక్ట్రీషియన్‌కి చెప్పేసి వదిలేస్తారు. ఆ కేబుల్ ఫాల్స్ సీలింగ్‌లోకి వెళ్లిపోతుంది, పుట్టీ, పెయింటు కూడా అయిపోతాయి, అప్పుడు 4కె సినిమా పెడితే తెర నల్లగా ఉంటుంది. తర్వాత మార్చాలంటే సీలింగ్ కొయ్యాల్సిందే. కాబట్టి సీలింగ్ పని మొదలుకాకముందే ఇది తేల్చుకోవాలి.

ముందు పొడవు సరిగ్గా కొలవండి. మామూలు హాలు ఒకటి తీసుకుందాం: రిసీవర్ తెర కింద యూనిట్‌లో ఉంది, ప్రొజెక్టర్ వెనక వైపు సీలింగ్‌కి వేలాడుతుంది, రెండింటి మధ్య తిన్నగా చూస్తే పదహారు అడుగులే. కానీ కేబుల్ తిన్నగా పోదు కదా. యూనిట్ నుంచి సీలింగ్ దాకా 9 అడుగులు, అక్కణ్నుంచి పక్క గోడ దాకా 7, గోడ వెంట వెనక్కి 16, మళ్లీ హాలు మధ్యకి 7, ప్రొజెక్టర్ దగ్గర కిందికి 2, రెండు చివర్లా వదులుకి 4. మొత్తం 45 అడుగులు, అంటే దాదాపు 13.7 మీటర్లు. కొనాల్సింది 15 మీటర్ల కేబుల్. ఇక్కడి నుంచి అంతా ఈ 15 మీటర్ల లెక్కలోనే చెబుతాను.

మొదట మామూలు కేబుల్, అంటే లోపల రాగి తీగలు తప్ప చిప్ ఏదీ లేని ప్యాసివ్ రకం. ఇది 15 మీటర్లు లాగుతుందా అంటే, దాని మీద ఏం పంపిస్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. 1080పి బొమ్మ సెకనుకి 60 ఫ్రేములతో వెళ్తే తీగల మీద సుమారు 4.5 గిగాబిట్లు నడుస్తాయి. అదే 4కె 30 ఫ్రేములైతే 8.9, 4కె 60 ఫ్రేములు పూర్తి రంగుతో అయితే 17.8. వేగం పెరిగేకొద్దీ సిగ్నల్‌లో ఎక్కువ ఫ్రీక్వెన్సీలు ఉంటాయి, రాగి తీగలో ముందుగా నీరసించేవి అవే. అవతలి చివరకి చేరేసరికి ఒకటి ఎక్కడ అయిపోయింది, సున్నా ఎక్కడ మొదలైందీ ప్రొజెక్టర్‌కి అర్థం కాకుండా కలిసిపోతాయి.

హెచ్‌డీఎంఐ ప్రమాణంలో ఇన్ని మీటర్లే ఉండాలన్న నియమం లేదు. అవతలి చివర సిగ్నల్ ఫలానా నాణ్యతతో రావాలి, అంతే. అందుకే డబ్బా మీద 15 మీటర్లు అని, దాని పక్కనే 4కె అని రాసి ఉన్నంత మాత్రాన ఆ రెండూ కలిసి పనిచేస్తాయని కాదు. 18 గిగాబిట్ల సిగ్నల్‌కి ప్యాసివ్ కేబుల్ 5 మీటర్ల దాకా నిశ్చింతగా వాడుకోవచ్చు, మందమైన మంచి కేబుల్ అయితే 7 మీటర్ల దాకా లాగుతుంది. ఆ పైన జూదమే. 1080పి ఒక్కటే చాలనుకుంటే మాత్రం 24 గేజ్ మందం ఉన్న కేబుల్ 15 మీటర్లకి కూడా చాలాచోట్ల బాగానే పనిచేస్తుంది, పాత ఫుల్ హెచ్‌డీ ప్రొజెక్టర్ ఉన్నవాళ్లు అనవసరంగా ఖర్చు పెట్టక్కర్లేదు.

కేబుల్ చాలట్లేదని ఎలా తెలుస్తుందో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ప్రొజెక్టర్‌నో స్ట్రీమింగ్ బాక్స్‌నో తప్పుపట్టి సర్వీస్ సెంటర్ చుట్టూ తిరుగుతారు. పాత కేబుల్ టీవీలోలా బొమ్మ మసకబారడం, నీడలు పడడం ఇందులో ఉండదు. మొదట తెల్ల చుక్కలు మెరుస్తాయి, అదీ చీకటి సీన్లలో బాగా కనిపిస్తాయి, ఒక ఫ్రేములో ఉండి మరుసటి ఫ్రేములో మాయమవుతాయి. ఇంకాస్త బలహీనపడితే తెర ఒకట్రెండు సెకన్లు నల్లబడి మళ్లీ వస్తుంది. ఆ తర్వాత అసలు రాదు. ఈ మూడింటి మధ్య తేడా చాలా చిన్నది, మరో రెండు మీటర్ల పొడవు చాలు.

అలా చుక్కలు కనిపిస్తే ఏ వైరూ పీక్కుండా బాక్స్ సెట్టింగుల్లో అవుట్‌పుట్‌ని 1080పికి తగ్గించి చూడండి. చుక్కలు పూర్తిగా పోయాయంటే కేబుల్ ఆ వేగాన్ని మోయలేకపోతోందని దాదాపు ఖాయం. 1080పిలో కూడా బొమ్మ రాకపోయినా, ప్రొజెక్టర్ 4కె అయినా బాక్స్ ఆ ఆప్షనే చూపించకపోయినా, లేదా సెట్టింగుల మెనూ బాగానే వచ్చి సినిమా మొదలవగానే తెర నల్లబడినా, అది వేరే సంగతి కావచ్చు. ఒక్కసారి 2 మీటర్ల చిన్న కేబుల్‌తో కలిపి చూడండి, అందులో అన్నీ సరిగ్గా వస్తే తేడా పొడవాటి కేబుల్‌లోనే. హెచ్‌డీఎంఐలో బొమ్మను మోసే తీగలు కాకుండా సన్నటి తీగలు ఇంకొన్ని ఉంటాయి. తెర ఏయే రిజల్యూషన్లు చూపించగలదో అడిగి తెలుసుకునేదీ, కాపీ రక్షణ తాళాలు మార్చుకునేదీ వాటి మీదే. కేబుల్ పొడవు పెరిగేకొద్దీ వాటి కెపాసిటెన్స్ పెరిగి ఈ సంభాషణ తడబడుతుంది. బొమ్మ సిగ్నల్‌ని మాత్రమే బలపరిచే చవక బూస్టర్ పెట్టినా ఇది తగ్గదు.

ఇప్పటికే ప్యాసివ్ కేబుల్ సీలింగ్‌లోకి వెళ్లిపోయినవాళ్లకి ఒక ఉపాయం ఉంది. సినిమాలు దాదాపు అన్నీ సెకనుకి 24 ఫ్రేములవే. బాక్స్‌లో ఫ్రేమ్ రేట్‌ని సినిమాకి తగ్గట్టు మార్చుకునే సెట్టింగ్ ఆన్ చేసి, రంగుని 4:2:2కి పెడితే 4కె హెచ్‌డీఆర్ కూడా 8.9 గిగాబిట్లలో సర్దుకుంటుంది. 18 మోయలేని కేబుల్ 9 మోయగలగొచ్చు. క్రికెట్టూ, గేములూ మాత్రం 60 ఫ్రేముల్లో కావాలంటే ఇది కుదరదు.

ఇక యాక్టివ్ కేబుల్. ఇందులో రెండు రకాలు. మొదటిది యాక్టివ్ రాగి కేబుల్: తెర వైపు ప్లగ్‌లో చిన్న చిప్ ఉంటుంది, నీరసించిపోయిన ఫ్రీక్వెన్సీలని అది తిరిగి లేపుతుంది. దానికి కావాల్సిన కరెంటు బాక్స్ వైపు నుంచి వచ్చే 5 వోల్టుల తీగ నుంచే తీసుకుంటుంది. 10 మీటర్ల దాకా ఇది చక్కటి ఎంపిక, సన్నగా ఉంటుంది, బాగా వంగుతుంది, ఖర్చూ తక్కువే. 15 మీటర్లకి 18 గిగాబిట్లంటే మాత్రం అంచు మీద నడిచినట్టే. ఒక బ్రాండ్ నిలబడుతుంది, ఇంకోటి నిలబడదు, సీలింగ్ లోపల అలాంటి అనుమానం పెట్టుకోకూడదు.

రెండోది ఆప్టికల్ కేబుల్. బాక్స్ వైపు ప్లగ్‌లో సన్నటి లేజర్లుంటాయి, బొమ్మ వెలుతురుగా మారి నాలుగు ఫైబర్ల మీదుగా వెళ్తుంది, ప్రొజెక్టర్ వైపు ప్లగ్‌లో మళ్లీ విద్యుత్ సిగ్నల్‌గా మారుతుంది. చాలా రకాల్లో పైన చెప్పిన సన్నటి తీగలు మాత్రం రాగివే ఉంటాయి. ఇంటి కొలతల్లో ఫైబర్‌లో నష్టం లెక్కలోకి రాదు కాబట్టి 15 మీటర్లయినా 30 మీటర్లయినా దానికి ఒకటే. మన హాలుకి నేను చెప్పేది ఇదే.

కానీ దీంతో జాగ్రత్తలు ఉన్నాయి. యాక్టివ్ కేబుల్ ఏదైనా ఒకే దిశలో పనిచేస్తుంది. ఒక ప్లగ్ మీద సోర్స్ అని, రెండో దాని మీద డిస్‌ప్లే అని ఇంగ్లిష్‌లో అచ్చేసి ఉంటుంది. ఎలక్ట్రీషియన్ పైపులోకి ఏ చివర దూర్చాడో పక్కన నిలబడి చూడండి, తిరగబడితే బొమ్మ అసలు రాదు. ప్లగ్ వెడల్పు సుమారు 20 మిల్లీమీటర్లు ఉంటుంది, మన ఇళ్లలో వేసే ముప్పావు అంగుళం పైపులో అది పట్టదు. అంగుళం పైపులో తిన్నగా పోయినా మోచేతి వంపు దగ్గర ఇరుక్కుంటుంది, బలంగా లాగితే ఫైబర్ విరుగుతుంది. ఒకటిన్నర అంగుళం పైపూ, నిదానంగా తిరిగే పెద్ద వంపులూ వేయించండి. లేదా ఒక చివర ప్లగ్ ఊడొచ్చి చిన్న తల మాత్రమే మిగిలే రకం కొనండి. ల్యాప్‌టాప్‌ డాంగిల్ లాంటివి కొన్ని 5 వోల్టుల కరెంటు చాలినంత ఇవ్వవు, అందుకే పక్కన చిన్న యూఎస్‌బీ పవర్ పిన్ ఉన్న కేబుల్ మేలు.

ఇక ఎక్స్‌టెండర్: రెండు చివర్లా రెండు పెట్టెలు, మధ్యలో క్యాట్‌6 కేబుల్. ఫంక్షన్ హాలు, కాలేజీ సెమినార్ హాలు లాంటి చోట్ల స్టేజీ నుంచి ప్రొజెక్టర్‌కి 40, 50 మీటర్లు లాగాలంటే నేను దీనికే ఓటేస్తాను. సన్నటి పైపులోనూ పోతుంది, ఎలుక కొరికితే కొత్త క్యాట్‌6 లాగి చివర్లు కొట్టుకోవచ్చు. ఆప్టికల్ కేబుల్ తెగితే మొత్తం పారేయాల్సిందే.

అయితే పెట్టెలన్నీ ఒకటి కాదు. చవక రకాలు 1080పి వరకే, కొన్ని బొమ్మని కుదించి పంపుతాయి, ఆలస్యం వస్తుంది, మైకులో మాట వినిపించాక తెర మీద పెదాలు కదులుతాయి. హెచ్‌డీబేస్‌టీ అన్న ప్రమాణంలో చేసినవి కొనండి. పాత తరం పెట్టెలు 10.2 గిగాబిట్ల దాకానే, వాటి మీద 4కె 60 అని ఉంటే రంగు తగ్గించో, కుదించో పంపుతున్నట్టు. 3.0 వెర్షన్ పూర్తి 18 గిగాబిట్లూ కుదించకుండా 100 మీటర్లు తీసుకెళ్తుంది, కానీ ధర ఎక్కువ.

ఈ పెట్టెలు దెబ్బతినేది మధ్యలో ఉన్న క్యాట్‌6 వల్లే. బజారులో చవగ్గా దొరికే క్యాట్‌6 చాలావరకు అల్యూమినియం మీద రాగి పూత పూసినది. ఒక తీగ తొక్క తీసి బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా కనిపిస్తే ఆ కట్ట వెనక్కిచ్చేయండి. గట్టి రాగి తీగే కావాలి, ఫ్లాట్ కేబుల్ పనికిరాదు. ప్లగ్ కొట్టేటప్పుడు జతల మెలికలు అరంగుళం కంటే ఎక్కువ విప్పకూడదు. చూడ్డానికి నెట్‌వర్క్ కేబుల్‌లా ఉన్నా ఈ సిగ్నల్ నెట్‌వర్క్ స్విచ్ గుండా పోదు, ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకి సూటిగా ఒకటే కేబుల్ ఉండాలి.

మన 15 మీటర్ల హాలుకొస్తే, ఆప్టికల్ కేబుల్‌తో పాటు అదే పైపులో ఒక మంచి క్యాట్‌6 కూడా లాగేసి, రెండు చివర్లా చుట్టి వదిలేయమంటాను. రేపు ఆప్టికల్ పోతే ఎక్స్‌టెండర్ పెట్టెలు తెచ్చి తగిలించుకోవచ్చు, సీలింగ్ ముట్టక్కర్లేదు. పైపులో నైలాన్ తాడు ఒకటి ఉంచడం కూడా మర్చిపోవద్దు.

కేబుల్ కొన్నాక నేరుగా పైపులోకి దూర్చకండి. ముందు నేల మీద పరిచి, మీ బాక్స్‌కీ మీ ప్రొజెక్టర్‌కీ కలిపి, 4కె 60 హెచ్‌డీఆర్ పెట్టి ఓ సినిమా సేపు నడపండి, మధ్యలో బాక్స్ ఒకసారి ఆపి మళ్లీ వేయండి. పైపులో లాగాక, జిప్సం బోర్డు బిగించకముందు, అదే పరీక్ష ఇంకోసారి చేయండి. లాగేటప్పుడు ఫైబర్ దెబ్బతింటే తెలిసేది అప్పుడే.