పనివేళల్లో మా ఆయనకు చిలిపి మెసేజ్‌లు: 14 నెలల వాడకం తర్వాత

మా పెళ్లై 19 ఏళ్లు. నేను బ్యాంకులో కౌంటర్ దగ్గర కూర్చుంటాను, ఆయన ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతారు. కిందటి ఏడాది ఏదో రసీదు ఫొటో కోసం మా ఇద్దరి వాట్సాప్ సంభాషణను పైకి జరుపుకుంటూ పోయాను. మూడు నెలలు వెనక్కి వెళ్లినా అవే మాటలు: "గ్యాస్ వచ్చిందా", "ఫీజుకు ఆఖరి తేదీ 10", "తోడుకు పెరుగు లేదు", "సరే", "సరే", ఒక బొటనవేలు. కూరగాయల అబ్బాయితో నేను ఇంతకన్నా సరదాగా మాట్లాడతాను.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం మా కౌంటర్‌కు వచ్చిన ఒకాయన అచ్చం మా ఆయన నీలం గీతల చొక్కా వంటిదే వేసుకున్నారు. ఆయన వెళ్లగానే టైప్ చేశాను: "మీ చొక్కా వేసుకుని ఒకాయన డబ్బు డ్రా చేసుకెళ్లారు. ఆయనకు నప్పలేదు." పది నిమిషాల్లో ఫోను మోగింది. "ఏమైంది? ఒంట్లో బాగానే ఉందా?" అని కంగారుగా అడిగారు. నిజానికి నాకు చిన్నతనంగా అనిపించింది. కానీ సాయంత్రం నాలుగున్నరకు, బడి వదిలాక, జవాబు వచ్చింది: "డబ్బు పోతే పోనీ, చొక్కా విప్పించుకోవాల్సింది." చాలా ఏళ్ల తర్వాత కౌంటర్ దగ్గర ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

అప్పటి నుంచి నాకు అర్థమైనది ఏమిటంటే, ఆ రోజు కంటికి కనబడినదాన్ని పట్టుకుంటేనే అది పండుతుంది. "మిస్ అవుతున్నాను" అని రాస్తే ఆయనకు జవాబు తోచదు, హృదయం బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటారు. అదే "రాత్రి మీరు నిద్రలో ఎవరికో సున్నా మార్కులు వేశారు, ఎవరికి?" అంటే దానికి కొసరు మాట దానంతటదే వస్తుంది. పది మాటలు దాటితే చదవడం కూడా ఒక పనే అవుతుంది. ఫార్వర్డ్ చేసిన జోకులు అసలే వద్దు, అవి మా చిన్నాన్నగారు రోజూ పంపుతారు.

మొదట్లో ఒక తప్పు చేశాను. మరిచిపోకూడదని రోజూ పదకొండు గంటలకు అలారం పెట్టుకున్నాను. రెండో వారానికల్లా ఆయన "పదకొండు గంటల బులెటిన్ వచ్చింది" అనడం మొదలుపెట్టారు. ఎదురుచూసేదిగా మారగానే చిలిపితనం చచ్చిపోయింది. ఇప్పుడు వారానికి రెండో మూడో, వేళాపాళా లేకుండా. ఒక్కోసారి వారమంతా ఏమీ ఉండదు. ఇంకొక తప్పు, సరదా మాట కింద పని తగిలించడం. "ఈ రోజు తల దువ్వుకున్న తీరు బాగుంది. వచ్చేటప్పుడు కరివేపాకు" అని పంపితే, ఆ తర్వాత నెల రోజులు నేను ఏ మంచి మాట రాసినా "ఏం తేవాలి?" అని అడిగారు. ఆ అనుమానం పోగొట్టడానికి పనుల మాటలన్నీ ఫోన్ కాల్‌కు మార్చాల్సి వచ్చింది.

జాగ్రత్తలు రెండే. ఆయన ఫోను స్టాఫ్ రూమ్ బల్ల మీద ఉంటుంది కాబట్టి, తాళం వేసిన తెర మీద సందేశం కనబడకుండా సెట్టింగుల్లో మార్పించాను. అది పక్క మాస్టారు ఒకటి చదివేశాకనే అనుకోండి. రెండోది, పంపే ముందు పైన ఎవరి పేరుందో చూసుకోవాలి. ఒకసారి నా మెసేజ్ మా అత్తవారి కుటుంబ గ్రూపులో పడింది. వెంటనే అందరికీ తొలగించాను కానీ, "సందేశం తొలగించబడింది" అన్న గుర్తు అక్కడ మిగిలిపోతుంది. దానితో మా ఆడపడుచు ఆరా మరింత ఎక్కువైంది.

దీనితో కానిది కూడా ఉంది. వాళ్ల తమ్ముడికి ఇచ్చిన అప్పు గురించి ఇద్దరం గట్టిగా మాటా మాటా అనుకున్న మర్నాడు, వాతావరణం తేలికవుతుందని ఒక చమత్కారం పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. రాత్రి భోజనాల దగ్గర "నేను అడిగినదానికి జవాబు చెప్పకుండా నవ్వించాలని చూస్తావేమిటి?" అన్నారు. ఆయన మాట న్యాయమే. గొడవ నడుస్తున్నప్పుడు ఫోను ముట్టుకోవడం మానేశాను.

14 నెలల్లో ఆయనంతట ఆయన మొదలుపెట్టినవి పదకొండు. బ్యాంకు బుద్ధి, లెక్కపెట్టాను. అందులో ఏడు మార్చి నెలాఖరులో, ఖాతాల ముగింపు పనిలో పడి నేను రెండు వారాలు ఏమీ పంపనప్పుడు వచ్చాయి. మొదటిది రాత్రి ఎనిమిదిన్నరకు, నేనింకా శాఖలోనే ఉండగా: "అమ్మా, మా ఖాతా స్తంభించిపోయింది. ఏ కౌంటర్‌కు రావాలి?"