కొత్త దుకాణానికి శుభాకాంక్షలు: గ్రూపులో ఒక వాక్యమా, ఇంటి పెద్దలకు ఒక సందేశమా?

స్నేహితుడి ఇంటివాళ్లు దుకాణం తెరుస్తున్నారని తెలియగానే మన ముందు మూడు దారులు ఉంటాయి. వాట్సాప్ గ్రూపులో అందరితో పాటు ఒక వాక్యం పెట్టవచ్చు. ఫోను చేసి మాట్లాడవచ్చు. లేదా ఆ ఇంటి పెద్దల పేరున, వాళ్ల ఫోనుకే, పది వాక్యాల సందేశం విడిగా రాసి పంపవచ్చు. ఫ్లెక్సీ కట్టించడం, పత్రికలో ప్రకటన ఇవ్వడం కూడా మన గోదావరి జిల్లాల్లో ఉన్నవే. కానీ అవి సంఘాలకూ నాయకులకూ తగినవి. ఇంట్లో మనిషిలా తిరిగిన స్నేహానికి వాటి అవసరం లేదు కనుక పక్కన పెడుతున్నాను.

ఒక సందర్భం తీసుకుని చూద్దాం. స్నేహితుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాళ్ల అమ్మ గారిది ఆత్రేయపురం. ఆమె పెళ్లికి ముందు నుంచీ పూతరేకులు చేస్తున్నారు. తండ్రి ఉద్యోగ విరమణ చేశాక, ఆ డబ్బుతో రావులపాలెంలో జాతీయ రహదారి పక్కన పూతరేకుల దుకాణం పెడుతున్నారు. పేరు నాయనమ్మది. లెక్కలు వదిన గారు చూస్తారు. ప్రారంభం గురువారం ఉదయం. మనం కాకినాడలో ఉన్నాం, ఆ రోజు సెలవు దొరకదు.

మొదట గ్రూపు సంగతి. స్నేహితుడు ఆహ్వాన పత్రిక ఫొటో పెట్టగానే కింద వరుసగా వచ్చేవి ఇలా ఉంటాయి: "నూతన దుకాణ ప్రారంభోత్సవ శుభాకాంక్షలు. మీ వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలుగా వర్ధిల్లాలి." ఇందులో తప్పేమీ లేదు. మర్యాద ఉంది, మంగళకరమైన మాట ఉంది. అయితే ఇది స్నేహితుడికి చేరుతుంది తప్ప ఇంటివాళ్లకు చేరదు. గ్రూపులో ఉన్నది అతనొక్కడే. పెట్టుబడి పెట్టిన తండ్రీ, పొద్దున్నే పొయ్యి వెలిగించే తల్లీ ఆ గ్రూపులో లేరు. పైగా దీన్ని బట్టల కొట్టుకైనా, మందుల షాపుకైనా అక్షరం మార్చకుండా పంపవచ్చు. చదివిన వాళ్లకు ఆ సంగతి వెంటనే తెలిసిపోతుంది.

ఆ వాక్యం చాలడం లేదనిపించి కొందరు దాన్ని పెంచుతారు. "కోట్లకు పడగలెత్తాలి, ఊరూరా శాఖలు వెలవాలి" అని రాస్తారు. అప్పు తెచ్చి అద్దెకు గది తీసుకున్న కుటుంబానికి ఇలాంటి మాట కాస్త బరువుగానే ఉంటుంది. మొదటి నెల అద్దె, కరెంటు, పనివాళ్ల జీతాలు దుకాణంలోంచే వస్తే చాలని వాళ్లు ఆశపడుతుంటారు. వాళ్ల ఆశ ఎంత ఉందో అంతకు తగిన కోరికే వాళ్ల మనసుకు తగులుతుంది. పదికాలాల పాటు నిలవాలి అనడం కోట్లు రావాలి అనడం కన్నా చిన్న మాటే, కానీ ఆ ఇంట్లో రాత్రిళ్లు అనుకునే మాట అదే.

ఫోను చేయడం సహజంగా అన్నిటికన్నా దగ్గరితనం ఉన్న పద్ధతి. గొంతులో ఉండే ఆనందం రాతలో రాదు. చదవడం అలవాటు లేని పెద్దవాళ్లకు అదే మేలు. చిక్కంతా వేళతోనే. ప్రారంభం రోజు ఉదయం మామిడి తోరణాలు కట్టడం, గుమ్మం ముందు గుమ్మడికాయ కొట్టడం, పంతులు గారికి కావలసినవి అందించడం, వచ్చిన వాళ్లను కూర్చోబెట్టడం అన్నీ ఒకేసారి జరుగుతాయి. గురువారం కనుక మధ్యాహ్నం ఒకటిన్నరకు రాహుకాలం మొదలవుతుంది. శుభకార్యం అంతకు ముందే ముగించాలని తొందరపడతారు. అప్పుడు ఫోను మోగితే "ఆ, సంతోషం బాబూ, తర్వాత మాట్లాడతాను" అన్న మాట తప్ప వేరేదేదీ దక్కదు. వాయిస్ మెసేజ్ ఆ సమయంలో ఇంకా ఇబ్బంది. జనం మధ్య పెద్దగా పెడితే పక్కవాళ్లంతా వింటారు, చిన్నగా పెడితే వినిపించదు.

ఇక విడిగా రాసే సందేశం. దీనికి శ్రమ ఎక్కువ, అందుకే తక్కువ మంది పంపుతారు. మన సందర్భానికి నేనైతే ఇలా రాస్తాను:

"బాబాయి గారికి, పిన్ని గారికి నమస్కారం. నాయనమ్మ గారి పేరుతో దుకాణం తెరిచారని తెలిసి మా ఇంట్లో అందరం ఎంతో సంతోషించాం. పండక్కి మీ ఇంటికి వచ్చినప్పుడల్లా పిన్ని గారు కుండ దగ్గర కూర్చుని రేకు తీస్తుంటే పక్కన చేరి చూసేవాళ్లం. రేకు ఎక్కడా చిరిగేది కాదు. ఆ చేతి పని ఇప్పుడు రహదారి మీద వెళ్లే వాళ్లందరికీ అందబోతోంది. బాబాయి గారు అన్నీ దగ్గరుండి చూసుకుంటున్నారని, లెక్కలు వదిన గారు చూస్తున్నారని విన్నాను. దుకాణానికి అంతకన్నా అండ ఏముంటుంది! వచ్చే ఆదివారం ఉదయం మేమిద్దరం వస్తున్నాం. మా ఆఫీసులో పంచడానికి బెల్లం పూతరేకులు పది డబ్బాలు తీసి ఉంచండి. డబ్బు తీసుకుంటామని మాట ఇస్తేనే మెట్టు ఎక్కుతాను. మీ అందరి శ్రమా ఫలించాలని, దుకాణం పదికాలాల పాటు నిలవాలని మనసారా కోరుకుంటున్నాను."

ఈ సందేశంలో పనిచేసేది ఏమిటో కొంచెం ఆగి చూడాలి. పిలుపు పెద్దలతో మొదలైంది. చిన్నవాళ్లం కనుక ఆశీర్వదించలేదు, కోరుకున్నాం. "మీకు నా ఆశీస్సులు" అని అలవాటుగా రాసేసే వాళ్లు ఉన్నారు. తండ్రి వయసు వాళ్లకు అది వెళితే పైకి ఏమీ అనకపోయినా మనసులో పట్టుకుంటారు. దుకాణానికి నాయనమ్మ పేరు పెట్టారని మనం గమనించినట్టు రాయడం ఇంకో ముఖ్యమైన విషయం. ఆ పేరు గురించి ఇంట్లో ఎంత చర్చ జరిగి ఉంటుందో ఊహించండి.

అన్నిటికన్నా బలం రేకు మాటకు ఉంది. నానబెట్టి మెత్తగా రుబ్బిన బియ్యప్పిండిని పలుచగా కలిపి, బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పిండిలో ముంచిన గుడ్డను కుండ మీద పరిచి తీస్తే క్షణాల్లో రేకు వస్తుంది. పిండి కాస్త చిక్కబడినా, కుండ వేడి హెచ్చుతగ్గులైనా, చెయ్యి ఒక్క క్షణం ఆలస్యమైనా రేకు మందంగానో ముక్కలుగానో వస్తుంది. ఈ పని తెలిసిన మనిషికి "మీ పూతరేకులు చాలా బాగుంటాయి" అన్నా ఆనందమే, కానీ "రేకు చిరిగేది కాదు" అంటే తన పనిని చూసిన మనిషి మాట్లాడుతున్నాడని తెలుస్తుంది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ విషయం కూడా సందేశంలో చేర్చవచ్చు కదా అనిపించవచ్చు. నేను చేర్చను. ఆ గుర్తింపు ఊరిది, పిన్ని గారి చెయ్యి ఆమెది. సందేశం ఆమె కోసం.

పది డబ్బాల మాట విషయంలో కొందరికి సంకోచం ఉంటుంది, శుభాకాంక్షల్లో బేరం ఏమిటని. మన వైపు అలవాటు తెలిసిన వాళ్లకు ఇది అర్థమవుతుంది. స్నేహితుడి ఇంటివాళ్లు కొత్త దుకాణానికి వస్తే ఎవరూ డబ్బు తీసుకోరు. "మీ దగ్గరా!" అని చెయ్యి వెనక్కి లాక్కుంటారు, పైగా రెండు డబ్బాలు ఎక్కువ కట్టిస్తారు. మొదటి వారంలో ఇలాంటి చుట్టాలూ స్నేహితులూ ఇరవై మంది వస్తే ఆ నెయ్యి, బెల్లం, పని అంతా లాభంలోంచి పోయినట్టే. ముందుగానే సంఖ్య చెప్పి, డబ్బు మాట ముందే తేల్చేస్తే వాళ్లకు మొహమాటం తప్పుతుంది, సరుకు సిద్ధం చేసుకునే వ్యవధి కూడా దొరుకుతుంది. "మాకు ఫ్రీయేనా?" అన్న సరదా మాట మాత్రం ఎంత చనువున్నా రాయకూడదు. బోణీ కూడా కాని దుకాణానికి అది మంచి మాట కాదు. "ఆ దారిలో ఇప్పటికే చాలా పూతరేకుల దుకాణాలు ఉన్నాయి, జాగ్రత్త" అన్న సలహా కూడా ఇప్పుడు వద్దు. వాళ్లకు తెలియక పెట్టలేదు.

వేళ విషయంలో నా అభిప్రాయం ఇది. గురువారం పొద్దున ముహూర్తానికి ముందు గ్రూపులో ఒక్క వాక్యం పెట్టండి, స్నేహితుడి కోసం. ఈ పెద్ద సందేశాన్ని ఆ రాత్రి తొమ్మిది దాటాక, షట్టర్ దించి ఇంటికి చేరే సమయానికి, తండ్రి ఫోనుకు పంపండి. రోజంతా నిలబడి అలసిన కుటుంబం అప్పుడు ఒకచోట కూర్చుంటుంది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని పైకి చదువుతారు, పిన్ని గారు వింటారు. మర్నాడు సాయంత్రం ఫోను చేస్తే మాట్లాడటానికి విషయం ఉంటుంది. మూడింటిలో ఒక్కటే చేయగలిగితే, రాత్రి పంపే సందేశానికే నా ఓటు. ఇంట్లో చదివే వాళ్లు ఎవరూ లేకపోతే మాత్రం ఫోనుకు.

ఈ పద్ధతి ఒకచోట జాగ్రత్తగా వాడాలి. డెల్టాలో కొన్ని దుకాణాలు రొయ్యల చెరువుల్లో నష్టం వచ్చాక పెట్టినవి. తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువు ఖాళీ అయ్యాక, మిగిలిన దాంతో కిరాణా కొట్టో టిఫిన్ హోటలో తెరిచిన ఇళ్లు ఉన్నాయి. మన స్నేహం వల్ల ఆ సంగతి మనకు పూర్తిగా తెలుసు, కనుక "గడిచిన కష్టాలన్నీ మరిచిపోండి" అని రాయాలనిపిస్తుంది. సందేశాన్ని పైకి చదువుతారని చెప్పాను కదా, అప్పుడు అక్కడ వియ్యంకులు ఉండవచ్చు, అప్పిచ్చిన వాళ్లు ఉండవచ్చు. అలాంటి ఇంటికి రాసేటప్పుడు వెనకటి ఊసు ఎత్తకుండా, ఈ దుకాణంలో వాళ్లు ఏం అమ్ముతారో, మనం ఎప్పుడు వచ్చి ఏం కొంటామో అంతే రాయాలి. మిగతా మాటలు వెళ్లినప్పుడు, స్నేహితుడు ఒంటరిగా ఉన్నప్పుడు మాట్లాడుకోవచ్చు.

పరిచయం అంతగా లేని కుటుంబమైతే ఇంత రాయడం ఎబ్బెట్టుగా ఉంటుంది. ఒకసారి పెళ్లిలో కలిసిన వాళ్లకు రేకుల జ్ఞాపకం కల్పించి రాయలేం. అక్కడ గ్రూపులోని ఆ ఒక్క వాక్యమే సరైనది, దానికి దుకాణం పేరు జోడిస్తే చాలు.