పోచంపల్లి పట్టు 1,900కే అంటున్నారా? ముందు చీర వెనకవైపు ఫొటో అడగండి

ఇన్‌స్టాలో, వాట్సాప్ గ్రూపుల్లో 'ప్యూర్ పోచంపల్లి పట్టు 1,900 ఓన్లీ' అని తెగ తిరుగుతున్నాయి, కొనేముందు ఇది చదవండి అక్కలూ. మా వదిన తెప్పించుకుంది. చీర తిరగేసి చూస్తే వెనకవైపు రంగు పాలిపోయి ఉంది, ముందువైపేమో డిజైన్ అంచులు స్కేలు పెట్టి గీసినట్టు నీట్‌గా ఉన్నాయి. అంటే ప్రింట్ అన్నమాట. అసలు పోచంపల్లి నేతకి, అదే ఇక్కత్‌కి, దారానికే ముందు ముడులు కట్టి రంగులేసి ఆ తర్వాత నేస్తారు కాబట్టి రెండువైపులా రంగు దాదాపు ఒకేలా ఉంటుంది, డిజైన్ అంచుల దగ్గర రంగు కాస్త అటూ ఇటూ జరిగి చెదిరినట్టు కనిపిస్తుంది. కొంగు చివర రెండు పోగులు లాగి కాల్చాం, పట్టయితే వెంట్రుకలు కాలిన కంపు రావాలి, బూడిద నలిపితే పొడైపోవాలి, ఇది కరిగి గట్టి ఉండ కట్టింది. పాలిస్టర్!

'వాళ్లకి వందల్లో మంచి రివ్యూలు ఉన్నాయి కదే' అంటుంది వదిన. నిజమే ఉన్నాయి, కూర్చుని చదివా, అన్నీ నైటీలకీ కుర్తీలకీ వచ్చినవే, 'టైమ్‌కి వచ్చింది, సైజు మార్చి ఇచ్చారు' అని. దాన్ని బట్టి పార్సిల్ వస్తుందని నమ్మొచ్చు, చీర పట్టుదని ఎలా నమ్ముతాం? పెట్టిన ఫొటోలు కూడా అన్నీ ముందువైపువే, వెనకది ఒక్కటీ లేదు.

అలాగని రేటు తక్కువుంటే చాలు ఫేక్ అని కొట్టిపారేయడమూ కరెక్ట్ కాదు. ఎక్కడో పోగు తెగిందనో, రంగు తేడా వచ్చిందనో నేతవాళ్లు తగ్గించి ఇచ్చేస్తుంటారు, కాకపోతే అలాంటప్పుడు ఆ డ్యామేజ్ ఎక్కడుందో ఫొటోలో చూపించగలగాలి. తక్కువ ఎందుకు అని అడిగితే 'ఆఫర్ మేడమ్' తప్ప ఇంకో మాట రాకపోతే వదిలేయండి. పట్టుచీరకి దారమే అర కిలో దాకా పడుతుంది, కిలో పట్టు రేటు వేలల్లో ఉంది, ముడులు కట్టే కూలీ, నేత కూలీ వేరే, మరి 1,900కి ఎలా ఇస్తారు?

ఫొటో ఒక్కటే చూసుకున్నా ప్రమాదమే. పాలిస్టర్ దారంతో ఇదే డిజైన్ నేసేస్తే వెనకవైపు కూడా బాగానే కనపడుతుంది, పట్టా కాదా అన్నది ఫొటోలో తేలదు. అక్కడ రేటు చూసే అనుమానం రావాలి, సిల్క్ మార్క్ ట్యాగ్ హోలోగ్రామ్ నంబర్ కనిపించేలా ఫొటో అడగాలి. అది కూడా పట్టుకి మాత్రమే గ్యారంటీ, చేనేతకి హ్యాండ్‌లూమ్ మార్క్ వేరే ఉంటుంది.

ఇంకోటి, మీ పేరు రాసిన కాగితం చీర మీద పెట్టి వెనకవైపు, అంచు దగ్గర నుంచి తీసి పంపమనండి. వేరేవాళ్ల పేజీలోంచి ఎత్తుకొచ్చిన ఫొటోలైతే అక్కడే మాట మార్చేస్తారు.

మా వదినకి 'ఓపెనింగ్ వీడియో లేదు కాబట్టి రిటర్న్ లేదు' అన్నారు, తర్వాత బ్లాక్ చేశారు. కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కంప్లైంట్ పెట్టాం, ఇంకా ఏమీ తేలలేదు.