డైలాగ్ బట్టీయా, విని బొమ్మ గీయడమా, జంటల్లో మ్యాప్ ఆటా: ఎనిమిదో క్లాసు తెలుగు మీడియంకి ఏది మేలు?

నా క్లాసులో 42 మంది, పీరియడ్ 45 నిమిషాలు, అందులో అటెండెన్స్, అరుపులు పోగా చేతికొచ్చేది 38 నిమిషాలు అనుకోండి. ఇంగ్లీష్ పాఠం "దారి చెప్పడం, చోటు చెప్పడం". వినడం, మాట్లాడడం రెండూ జరగాలి. దీనికి నేను మూడు రకాలుగా చేసి చూశాను, మూడూ ఒకటి కాదు.

మొదటిది అందరం చేసేదే, డైలాగ్ బోర్డు మీద రాసి, రెండుసార్లు చదివించి, జంటగా ముందుకి పిలిచి చెప్పించడం. ఒక్కో జంట వచ్చి నిలబడి సిగ్గుపడి చెప్పి వెళ్ళేసరికి మూడు నిమిషాలు అవుతుంది, అంటే ముప్పై నిమిషాల్లో పది జంటలు, ఇరవై మంది, మిగతా 22 మంది ఆ రోజు నోరు తెరవలేదు. తెరిచినవాళ్ళు కూడా ఏం విన్నారని? అవతలివాడు ఏం అన్నా అనకపోయినా నా లైన్ నాకు తెలుసు కదా. ఒకసారి నేనే పరీక్ష చేశాను, ఒకడితో రహస్యంగా "వేర్ ఈజ్ ది బ్యాంక్?" బదులు "వేర్ ఈజ్ ది టెంపుల్?" అని అడగమన్నాను, రెండోవాడు ఏ మాత్రం తడబడకుండా "ది బ్యాంక్ ఈజ్ నెక్స్ట్ టు ది స్కూల్" అనేశాడు! క్లాసంతా నవ్వింది, వాడికి మాత్రం ఎందుకో అర్థం కాలేదు. వార్షికోత్సవానికైతే డైలాగ్ బాగుంటుంది, పలకడం సాఫీగా రావడానికీ పనికొస్తుంది, వినడానికి మాత్రం సున్నా.

రెండోది విని గీయడం. నేను చెప్తాను, పిల్లలు నోట్‌బుక్‌లో గీస్తారు. "డ్రా ఎ వెల్. దేర్ ఈజ్ ఎ నీమ్ ట్రీ టు ది లెఫ్ట్ ఆఫ్ ది వెల్." దీంట్లో అందమేంటంటే తప్పు కంటికి కనిపిస్తుంది, చెట్టు కుడివైపు ఉంటే వాడు విన్నది అక్కడ జారిందని నాకు వెంటనే తెలిసిపోతుంది, వాడి ఇంగ్లీష్ గ్రామర్ దిద్దే పనే లేదు.

ఎక్కువమంది జారేది "బిట్వీన్" దగ్గర. ఎందుకో చాలా రోజులకి గానీ నాకు తట్టలేదు. మనం "బస్టాండ్‌కీ బ్యాంక్‌కీ మధ్య" అంటాం, అసలు మాట చివర్లో వస్తుంది, మన చెవి అక్కడిదాకా ఆగి వింటుంది. ఇంగ్లీషులో "బిట్వీన్" ముందే వచ్చేసి వెళ్ళిపోతుంది, పిల్లాడికి మిగిలేది బస్టాండ్, బ్యాంక్ అన్న రెండు పేర్లే, వాటిలో ఒకదాని పక్కన గీసేస్తాడు. అందుకే ఈ వాక్యాలు చెప్పేటప్పుడు "బిట్వీన్" అన్నాక ఒక సెకను ఆగుతాను, రెండోసారికి ఆ ఆగడం తీసేస్తాను. తెలుగులో అర్థం చెప్పడం మాత్రం చేయను, ఒకసారి చెప్పామంటే తర్వాత ఇంగ్లీషు వాక్యం అయ్యేదాకా ఎవ్వరూ వినరు, "సార్ ఎలాగూ తెలుగులో చెప్తారు" అని కూర్చుంటారు. ఆట ఎలా ఆడాలో మాత్రం తెలుగులోనే చెప్పండి, అక్కడ ఇంగ్లీషు మొండిపట్టు పడితే పది నిమిషాలు పోతాయి. ఈ పద్ధతికి ఉన్న లోటు ఒక్కటే, మాట్లాడేది నేనొక్కడినే.

మూడోది జంటల్లో మ్యాప్. ఒకరి దగ్గర ఉన్న సమాచారం రెండోవాళ్ళ దగ్గర లేదు, అడిగితే తప్ప తెలీదు. రోడ్డుకి పైన నాలుగు గళ్ళు, కింద నాలుగు. పైన ఎడమ నుంచి గుడి, బస్టాండ్, పోస్టాఫీసు, బ్యాంక్. కింద ఆసుపత్రి, రేషన్ షాపు, బడి, లైబ్రరీ. బస్టాండ్, బడి ఇద్దరి కాగితాల్లోనూ ఉంటాయి. మొదటివాడికి గుడి, ఆసుపత్రి, లైబ్రరీ తెలుసు, రెండోవాడికి పోస్టాఫీసు, బ్యాంక్, రేషన్ షాపు తెలుసు. తెలియనివాటి పేర్లు కాగితం కింద రాసి ఉంటాయి, చోట్లు అడిగి నింపుకోవాలి.

ఆ రెండు ఉమ్మడి గుర్తులు చాలా ముఖ్యం. నా మొదటి కాగితంలో ఒక్కటీ పెట్టలేదు, ప్రతివాడూ అవతలివాడికి తెలియని చోటుని ఆనవాలుగా చెప్పడం మొదలెట్టారు, ఐదు నిమిషాల్లో అందరూ కాగితాలు పక్కపక్కన పెట్టేసి కాపీ కొట్టేశారు. అలాగని అన్నీ గుర్తుల పక్కనే పెట్టినా చప్పగా ఉంటుంది. పై మ్యాపులో ఆసుపత్రి ఎక్కడని ముందే అడిగితే "ఆపోజిట్ ది టెంపుల్" అని వస్తుంది, అడిగినవాడికి గుడి ఎక్కడో తెలీదు, అప్పుడు వాడు తనంతట తానే "వేర్ ఈజ్ ది టెంపుల్?" అనాలి. బోర్డు మీద లేని, అవసరంతో పుట్టిన ఆ ప్రశ్న కోసమే ఈ తంటా అంతా.

జిరాక్స్ ఖర్చు అంటారా, జంటకి ఒక ఏ-4 సగానికి చింపితే చాలు, 21 కాగితాలు. అదీ కుదరకపోతే ఒక మ్యాప్ బోర్డు మీద, రెండోది వెనక గోడకి చార్ట్ మీద వేసి, జంటలో ఒకరిని బోర్డు వైపు, ఒకరిని వెనక గోడ వైపు తిప్పి కూర్చోబెట్టండి. వీపులు ఆనుకుని ఉంటే వేలితో చూపించే దారి కూడా మూసుకుపోతుంది. గోల మాత్రం ఖాయం, పక్క క్లాసు మేడమ్‌కి ముందే చెప్పి ఉంచుకోండి.

కాపీ జరిగిందని ఎలా తెలుస్తుందంటే, మూడు నిమిషాల్లో "అయిపోయింది సార్" అంటారు, నిజంగా అడిగి నింపితే మా పిల్లలకి పది పన్నెండు పడుతుంది. నేను మధ్యలో తిరుగుతూ దిద్దను, విన్నది చిన్న చీటీలో రాసుకుంటాను. దాదాపు ప్రతిసారీ దొరికేది "పోస్టాఫీస్ ఈజ్ దేరా?", మన "ఉందా"లోని దీర్ఘం తెచ్చి ఇంగ్లీషు చివర తగిలించడం అన్నమాట. చివరి ఎనిమిది నిమిషాల్లో అలాంటివి రెండే తీసుకుని బోర్డు మీద పెడతాను, ఎవరన్నారో చెప్పను.

దీని మీద ఒక గట్టి అభ్యంతరం ఉంది, అదీ మామూలు మనిషిది కాదు. 1979లో బెంగళూరు కేంద్రంగా మొదలైన ప్రాజెక్టులో ఇంగ్లీష్ బోధనలో పేరున్న నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు మన దక్షిణాది బడుల్లోనే మ్యాపులు, టైమ్‌టేబుళ్ళతో ఇంగ్లీష్ నేర్పించారు. ఆయన ఇలాంటి పనులే ఇచ్చినా జంటలకీ గుంపులకీ పెద్దగా మొగ్గలేదు, పిల్లలు ఒకరి తప్పుడు ఇంగ్లీషు ఒకరు వింటూ ఉంటే అదే గట్టిపడిపోతుందన్న భయం. ముందు టీచర్ క్లాసంతటితో ఒక పని చేయించి, తర్వాత అలాంటిదే ఇంకోటి ఎవరికి వారు చేసుకునేలా నడిపారు. "దేరా" విన్నప్పుడల్లా ఆయన మాట నిజమే అనిపిస్తుంది. కానీ ఇంటి దగ్గర ఇంగ్లీషు మాటే వినిపించని పిల్లాడికి నోరు తెరిచే ఇంకో చోటు నేను చూపించలేను.

అందుకే నా ఓటు మూడోదానికే, కానీ ఒంటరిగా కాదు. మొదటి పది నిమిషాలు ఇలాంటిదే వేరే మ్యాపుతో విని గీయడం, అక్కడ వాళ్ళ చెవిలో పడేది నా వాక్యాలు. ఐదు నిమిషాలు ఒక చురుకైన పిల్లతో ముందు నిలబడి ఆడి చూపించడం. పన్నెండు నిమిషాలు జంటలు, తర్వాత ఆ చీటీ. ఆరో క్లాసుకైతే జంటల జోలికి పోకుండా విని గీయడం దగ్గరే రెండు వారాలు ఆగండి. 42 మందిలో ఇద్దరు ముగ్గురికి చదవడమే రాకపోతే వాళ్ళ కాగితంలో పేర్ల బదులు బొమ్మలు గీసివ్వండి, నేను గుడికి గంట, ఆసుపత్రికి ప్లస్ గుర్తు పెడతాను, రేషన్ షాపుకి బియ్యం సంచి గీస్తే అది దిండు అనుకున్నారు.