తల కదపకుండా పడుకోవడమా, కదిపి తేరుకోవడమా: ఏది మేలు?

జ్వరం, జలుబు తగ్గి నాలుగు రోజులైందట. తెల్లవారుజామున నిద్రలో పక్కకు ఒత్తిగిలగానే గది మొత్తం గిర్రున తిరగడం మొదలైంది. కళ్లు మూసుకున్నా ఆగలేదు. వాంతులు పట్టుకున్నాయి. బాత్రూమ్‌ దాకా నాలుగడుగులు వేయాలన్నా కుడి పక్కకు ఒరిగిపోయారు. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు, వయసు 46. నా దగ్గరికి వచ్చేసరికి ఇదంతా జరిగి ఆరు వారాలు దాటింది. సంచిలో రెండు రకాల మాత్రలున్నాయి, మెడకు కాలర్ ఉంది.

"తల తిప్పితే మళ్లీ అలాగే అవుతోంది మేడమ్, అందుకే తిప్పట్లేదు" అన్నారు.

నేను ఫిజియోథెరపిస్టుని. ఈ మాట వారానికి ఒకరైనా అంటారు. తప్పు వాళ్లది కాదు. తిరుగుడు వచ్చినప్పుడు కదలకుండా ఉండాలనే ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఈ జబ్బులో మొదటి మూడు రోజులకు పనికొచ్చిన పద్ధతే ఆ తర్వాత అడ్డంకి అవుతుంది. ఏది మేలు అన్న ప్రశ్నకు జవాబు జబ్బు మొదలై ఎన్ని రోజులైందన్న దాన్నిబట్టి మారుతుంది.

ముందు జబ్బు సంగతి. దీన్ని వెస్టిబ్యులార్ న్యూరైటిస్ అంటారు. లోపలి చెవిలో తల కదలికను పసిగట్టే భాగం నుంచి మెదడుకు వెళ్లే నరం వాచడం అన్నమాట. చాలామందిలో ఏదో వైరల్ జ్వరం వెనకాలే వస్తుంది. వినికిడి నరం దాని పక్కనే వెళ్తుంది కానీ వేరు, అందుకే వినికిడి చెక్కుచెదరదు. రెండు చెవుల నరాలూ మామూలుగా సమానంగా సంకేతాలు పంపుతుంటాయి. కుడివైపుది ఒక్కసారిగా మూగబోతే ఎడమవైపుది మాత్రమే వినపడుతుంది కాబట్టి తల ఎడమకు తిరిగిపోతోందని మెదడు అనుకుంటుంది. పడుకున్నా కూర్చున్నా తిరుగుడు ఆగకపోవడానికి కారణం ఇదే. ఒకటి రెండు రోజులు తీవ్రంగా ఉండి, మెల్లగా తగ్గుతుంది.

వ్యాయామం మాట ఎత్తకముందే తేల్చుకోవాల్సింది ఒకటుంది. మెదడు వెనక భాగంలో పక్షవాతం వచ్చినా అచ్చం ఇలాగే ఉండొచ్చు. మాట తడబడటం, ఒకటి రెండుగా కనిపించడం, ముఖంగానీ చెయ్యిగానీ తిమ్మిరెక్కడం, కొత్తగా తీవ్రమైన తలనొప్పి, పట్టుకోకుండా కూర్చోలేకపోవడం, ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోవడం, వీటిలో ఏ ఒక్కటున్నా 108కి ఫోన్ చేయాలి. సీటీ స్కాన్ బాగుందని ధీమా పడకూడదు, ఆ చోట పక్షవాతాన్ని అది తరచూ పట్టలేదు. మొదటి రెండు రోజుల్లో ఎంఆర్ఐ కూడా ఒక్కోసారి తప్పుతుంది. అనుభవమున్న డాక్టరు ముందు చూసేది కళ్లని. డాక్టరు తన ముక్కు మీదే చూపు నిలపమని రోగికి చెప్పి, రోగి తలను చటుక్కున కొంచెం పక్కకు తిప్పుతారు. నరం దెబ్బతిన్న వైపు తిప్పినప్పుడు కళ్లు తలతోపాటే జరిగిపోయి, ఆ వెంటనే ఒక్క గెంతులో ముక్కు మీదికి తిరిగి వస్తాయి. ఆ గెంతు కనిపిస్తే తప్పు చెవి నరంలో ఉందని చెప్పడానికి అది గట్టి ఆధారం. తిరుగుడు ఆగకుండా ఉన్నా ఆ గెంతు కనిపించకపోతే మెదడును అనుమానించాలి. మా టీచర్ గారికి మొదటి రోజే ఈ పరీక్ష జరిగింది. కుడికి తిప్పినప్పుడు గెంతు కనిపించింది. వినికిడి బాగుంది.

ఇక మందుల పక్షం. ప్రోక్లోర్‌పెరజిన్, సిన్నరిజిన్ లాంటి మాత్రలు తిరుగుడునూ వాంతులనూ అణచివేస్తాయి. మొదటి రెండు మూడు రోజులు అవి కావాలి. నీళ్లు కూడా నిలవని మనిషికి వ్యాయామం చెప్పడం అన్యాయం. కానీ అవి నరాన్ని బాగుచేసే మందులు కావు. మెదడుకు అందే గందరగోళపు సంకేతాన్ని మందగింపజేస్తాయి, అంతే. వాంతులు ఆగాక కూడా వేసుకుంటూ పోతే మెదడు సర్దుకోవడం ఆలస్యమవుతుంది. మా టీచర్ గారికి డాక్టరు రాసింది మూడు రోజులకే. తగ్గలేదని అదే చీటీ చూపించి మెడికల్ షాపులో ఐదు వారాలు తెచ్చుకున్నారు. మధ్యాహ్నం క్లాసులో నిద్ర ముంచుకొస్తోందని చెప్పారు, అది కూడా ఆ మాత్రల చలవే.

స్టెరాయిడ్ల సంగతి కొంచెం వేరు. మొదటి మూడు రోజుల్లోపు మొదలుపెడితే నరం పనితీరు మెరుగ్గా కోలుకుంటుందని, వైరస్ మందు వల్ల అలాంటి లాభం లేదని 2004లో జర్మనీ పరిశోధకులు చూపించారు. నరం కొలతలు మెరుగుపడ్డంత మాత్రాన మనిషికి తిరుగుడు తగ్గుతుందా అన్నది మాత్రం తర్వాతి సమీక్షల్లో గట్టిగా తేలలేదు. షుగర్ ఉన్నవాళ్లయితే ఇంకా ఆలోచించాలి. అది డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. ఆరో వారంలో మాత్రం ఆ ప్రశ్నే లేదు.

కాలర్ గురించి నాకు రెండో ఆలోచన లేదు. మెడ ఎముకలు అరగడం వల్లే తల తిరుగుతోందని ఎవరో అన్నారట, ఎక్స్‌రేలో కొంచెం అరుగుదల కూడా కనిపించిందట. 46 ఏళ్ల వయసులో ఎంతోమంది ఎక్స్‌రేల్లో అది కనిపిస్తుంది. ఈ జబ్బు మనిషికి కాలర్ వేస్తే ఏ కదలికతో మెదడు నేర్చుకోవాలో సరిగ్గా ఆ కదలికనే కట్టేసినట్టు.

నేర్చుకోవడం ఎలాగంటే, మనం తల కుడికి తిప్పినప్పుడు కళ్లు అంతే వేగంతో ఎడమకు జరుగుతాయి. అందుకే నడుస్తూ కూడా బస్సు బోర్డు చదవగలం. నరం దెబ్బతింటే కళ్లు వెనకబడి అక్షరం చెదురుతుంది. ఆ చెదిరిన బొమ్మే మెదడుకు తప్పు చూపిస్తుంది, చిన్న మెదడు ఆ తప్పును చూసి కొంచెం కొంచెంగా దిద్దుకుంటుంది. తల కదలకపోతే బొమ్మ చెదరదు, బొమ్మ చెదరకపోతే దిద్దుకోవడానికి ఏమీ ఉండదు.

అందుకే వ్యాయామాల్లో కూడా ఏది మేలో చూసుకోవాలి. చాలాచోట్ల కాథోర్న్, కూక్సీ అనే ఇద్దరి పేర్లతో ఒక కాగితం ఇస్తారు. 1940లలో ఇంగ్లండ్‌లో తయారైన వరుస అది. పడుకుని కళ్లు పైకీ కిందికీ తిప్పడంతో మొదలై, తల తిప్పడం, కూర్చోవడం, లేవడం, బంతి విసరడం, మెట్లెక్కడం దాకా వెళ్తుంది. మంచి వరుసే. చిక్కంతా దాన్ని చేసే తీరులో ఉంది. కాగితంలో మొదటి రెండు మూడు వ్యాయామాల దగ్గరే ఆగి, తల కదపకుండా కళ్లు మాత్రం తిప్పుతూ వారాలు గడుపుతారు. చూపును నిలబెట్టడానికి తల కదలని కంటి వ్యాయామం ఒక్కటే చాలదని అమెరికా ఫిజియోథెరపీ సంఘం మార్గదర్శకాలు కూడా స్పష్టంగా చెబుతున్నాయి. టీచర్ గారు కూడా రోజూ కళ్లు తిప్పారు, తల తిప్పలేదు.

మొదటి రోజు ఆవిడను కళ్ల పరీక్ష చార్టు ముందు కూర్చోబెట్టాను. తల కదపకుండా చివరి నుంచి రెండో వరుస చదివారు. నేను వెనక నిలబడి, సెకనుకు రెండుసార్లు అటూ ఇటూ అయ్యేలా తలను చిన్నగా ఊపుతుంటే ఐదు వరుసలు పైకి వెళ్లిపోయారు. ఒకటి రెండు వరుసలు తగ్గడం మామూలు, ఐదంటే ఎక్కువ. బోర్డు మీద లెక్క రాసి పిల్లల వైపు తిరిగితే మొహాలన్నీ అలుక్కుపోతున్నాయని ఆవిడ చెప్పింది ఇదే.

డాక్టరుతో మాట్లాడించి మాత్రలు ఆపించాం, కాలర్ తీయించాం. చిన్న అట్టముక్క మీద 'అ' అని రాసి ఇచ్చాను. దాన్ని ఖాళీ గోడకు కంటి ఎత్తులో అంటించి, చేతి దూరంలో కుర్చీ వేసుకుని, చూపు అక్షరం మీదే ఉంచి తలను మాత్రం అటూ ఇటూ తిప్పాలి. మెడ నొప్పి పుట్టేంత దూరం అక్కర్లేదు, చిన్న తిప్పుడు చాలు. వేగం మాత్రం ముఖ్యం. అక్షరం చెదరబోతోంది అనిపించే చోటు దాకా వేగం పెంచి అక్కడే కొనసాగించాలి. మరీ నెమ్మదిగా తిప్పితే నరంతో పని లేకుండానే కళ్లు అక్షరాన్ని వెంబడించేస్తాయి, ఫలితం ఉండదు. ఇంట్లో చేసేవాళ్లలో నేను ఎక్కువగా చూసే పొరపాటు ఇదే. తలతోపాటు భుజాలు తిప్పడం రెండోది.

మొదటి వారం ఒక్కో విడత అరనిమిషం కూడా కష్టమైంది. తర్వాత అడ్డంగా రెండు నిమిషాలు, నిలువుగా రెండు నిమిషాలు, రోజుకు ఐదుసార్లు, మొత్తం 20 నిమిషాలకు చేరాం. జబ్బు పాతబడేకొద్దీ రోజుకు ఎక్కువ సమయం కావాలి. మొదటి వారాల్లోనే మొదలుపెట్టినవాళ్లకు రోజుకు మూడు విడతల్లో 12 నిమిషాలతో మొదలుపెట్టొచ్చు. తొందరగా మొదలుపెట్టడంలో ఉన్న లాభం అది.

వ్యాయామం చేస్తే తిరుగుడు కొంచెం పెరుగుతుంది, పెరగాలి కూడా. పదికి రెండు ఉన్నది నాలుగు అయి, పావుగంట ఇరవై నిమిషాల్లో మళ్లీ రెండుకు దిగితే మోతాదు సరిపోయినట్టు. సాయంత్రం దాకా దిగకపోతే మర్నాడు సమయం తగ్గించాలి, మానేయకూడదు. అసలు తిరుగుడే రాకపోతే మోతాదు తక్కువైనట్టు: నిలబడాలి, పాదాలు దగ్గరకు చేర్చాలి, ఖాళీ గోడకు బదులు పూల చీర ఆరేసి దాని మీద అట్ట అంటించాలి.

బ్యాలెన్స్ కోసం గది మూల వాడుకున్నాం. వెనక రెండు గోడలు, ముందు కుర్చీ, పక్కన ఆవిడ కూతురు. పాదాలు కలిపి నిలబడి కళ్లు మూసుకుని 30 సెకన్లు. అది వచ్చాక మడిచిన బొంత మీద. మెత్తటి దాని మీద కళ్లు మూసుకుంటే పాదాలూ కళ్లూ సాయం చేయలేవు, మెదడు చెవినే నమ్ముకోవాలి. మొదట ఆరు సెకన్లకే కుడికి ఒరిగారు. తర్వాత స్కూలు వరండాలో నడుస్తూ, మూడడుగులకోసారి తల పక్కకు తిప్పి తరగతి గది మీది బోర్డు పైకి చదవడం.

నాలుగో వారంలో ఓ రోజు మళ్లీ తిరిగిందని కంగారుగా ఫోన్ చేశారు. ఈసారి కుడివైపు ఒత్తిగిలినప్పుడే, అరనిమిషం లోపే. అది వేరే జబ్బు. లోపలి చెవిలో సున్నపు రేణువులు చోటు తప్పడం వల్ల వస్తుంది, న్యూరైటిస్ తర్వాత కొందరిలో కనిపిస్తుంది. వీడియోల్లో చూపించే ఎప్లీ పద్ధతి, అంటే పడుకోబెట్టి తలను ఒక వరుసలో తిప్పుతూ రేణువులను చోటికి చేర్చడం, పనికొచ్చేది దీనికే. మొదట్లో రోజంతా ఆగకుండా తిరిగినప్పుడు ఇంట్లోవాళ్లు ఆ వీడియో చూసి రెండుసార్లు చేయించారట, అప్పుడు దానివల్ల వాంతులు తప్ప ఒరిగింది లేదు. ఇప్పుడు పరీక్షించి చేస్తే రెండు విడతల్లో పోయింది.

ఆరు వారాలకు మళ్లీ చార్టు చూశాం. ఐదు వరుసల తేడా రెండుకు దిగింది. బొంత మీద 30 సెకన్లు నిలబడ్డారు. తలను చటుక్కున కుడికి తిప్పితే మాత్రం కళ్ల గెంతు ఇంకా కనిపిస్తూనే ఉంది. నరం పూర్తిగా కోలుకోలేదు, మెదడు దాని లోటు పూడ్చుకుంది. అందుకే కరెంటు పోయి చీకటైనప్పుడు, ఎగుడుదిగుడు నేల మీద ఇప్పటికీ కొంచెం తూలుతారు. రాత్రి మేడ మీదికి వెళ్లేటప్పుడు టార్చి పట్టుకెళ్తున్నారు. మొన్న జ్వరం వచ్చినప్పుడు రెండు రోజులు మళ్లీ తేలిపోతున్నట్టు అనిపిస్తే, మాత్ర వేసుకోకుండా 'అ' అట్టను బయటికి తీశారట.